ఆరిన ఆకుపచ్చ

నానుతున్న తుమ్మజిగురు వాసన తగిలితే ఇప్పటికీ నా ఎడమ చెంప మండుతుంది.

మా తాతలు దొరల గడీ గోడలకు బొమ్మలు వేసిన చిత్రకారులు. నాకు పదేళ్లప్పుడు, మహబూబ్‌నగర్ దవాఖానలో బాపుకు ఇక చూపు రాదన్నారు. ఆయనకిష్టమైన చిలకపచ్చ కలపడం నా వంతయింది.

నీలిమందునూ, పసుపురంగు రాయి హరిదళాన్నీ విడివిడిగా నూరి, చిప్పలో జిగురునీళ్లతో కలిపాను. బాపు వేసిన పాత పటంలోని చిలకకు సరిపోయేదాకా నీలి వేసి, గుడ్డ మీద గీత గీశాను.

"గదే పచ్చనా, బిడ్డా?"

"గదే, బాపూ!"

చెంప పేలింది. పెదవి చిట్లి నోట్లో నెత్తురు ఊరింది. చిప్ప గోడకు తగిలి ముక్కలైంది.

"గుడ్డోన్నని మోసం జేస్తవా? ఆరకముందే గదే అంటవా?"

"పిల్లను సంపుతవారా?" అంటూ బాపు తల్లి, మా అవ్వ, అడ్డం పడింది.

గోడ మీద చిందిన రంగు ఆరేకొద్దీ పాలిపోయింది. తడిరంగు ముదురుగా కనిపించి మోసగిస్తుందని అప్పుడే తెలిసింది. నోరు తుడుచుకుని, ఈసారి నీలి ఎక్కువ వేసి కలిపాను. బాపు రెండుసార్లు అడిగినా, గుడ్డ పూర్తిగా ఆరేదాకా నోరు మెదపలేదు.

"గదే."

ఆయన బొటనవేలితో గీతను రుద్దాడు. జిగురు సరిగ్గా పట్టింది, పొడి రాలలేదు. కొట్టిన చేత్తోనే తన కుంచె వెతికి, నా చేతిలో పెట్టాడు.