ముహూర్తానికి బిగించిన బోల్టులు

అజీజ్‌నగర్ ఫామ్‌హౌసులలో ముప్పై ఏళ్లుగా పంపులు బిగిస్తున్న నర్సింలుకు తొందరపడే యజమానులంటే రోత.

కొత్త పంపూ మోటారూ కూర్చునే ఇనుప బేస్‌ప్లేటు కింద సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే, ముహూర్తం దాటిపోతోందని ఫామ్‌హౌసు యజమాని కిషన్‌రావు తన డ్రైవరు చేత యాంకర్ బోల్టులు బిగింపజేసి, కొబ్బరికాయ కొట్టి, మోటారు నడిపించాడు.

నాలుగో రోజు పంపు దడదడలాడింది. నర్సింలు వచ్చి కరెంటు ఆపి, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు మీది మూత విప్పాడు. లోపలి రబ్బరు నల్లటి పొడై రాలింది. కప్లింగు రెండు భాగాల మీద స్టీలు స్కేలు ఆనిస్తే, మోటారు వైపు కిందికి దిగి, రూపాయి బిళ్ల దూరేంత సందు కనిపించింది.

"గిట్లెందుకైంది?" అన్నాడు కిషన్‌రావు.

"పచ్చి సిమెంటు మీద బోల్టులు గుంజితే ప్లేటు వంగదా సార్? మీ ముహూర్తం గీ సందులకెళ్లే పోయింది. అంత ఇప్పి, మళ్ల సిమెంటు పోసి, వారం ఆగాలె."

కిషన్‌రావు తలూపి, పంతులుకు ఫోన్ చేశాడు: "జర ఎల్లుండికి ఇంకో ముహూర్తం చూడండి."