తిన్నగా కనిపించిన దూలం

కూర్మన్నపాలెంలో కొట్ల బోర్డులు డిజైన్ చేసే నాగశ్రీకి ఒక మొండిపట్టు ఉంది. కొట్టు దగ్గరగా నిలబడి ఫోన్ వైడ్ లెన్స్‌తో తీసిన ఫోటో వస్తే, లెన్స్ తెచ్చిన వంపు కంప్యూటర్‌లో తీయకుండా ఆ ఫోటోలో పాత బోర్డు స్థానంలో కొత్తది పెట్టదు. ఉబ్బిన గోడ మీద తిన్నని బోర్డు స్టిక్కరులా తేలిపోతే ఆమెకి ఒళ్లు మండుతుంది.

సబ్బవరంలో టిఫిన్ హోటల్ నడిపే గుణశేఖర్ కొత్త బోర్డు కోసం పంపిన ఫోటోలో గోడలు, కరెంటు స్తంభం, పక్క కొట్టు పిట్టగోడ అన్నీ బయటికి ఉబ్బి ఉన్నాయి. షట్టర్ మీది దూలం ఒక్కటే తిన్నగా ఉంది. ఆమె వంపు సరిచేసింది. స్తంభం నిటారుగా నిలబడింది, గోడలు సర్దుకున్నాయి. దూలం మాత్రం నడుమ కిందికి జారింది.

ఎక్కువైందేమోనని కాస్త వెనక్కి తగ్గించింది. దూలం తిన్నగా అయింది గానీ స్తంభం మళ్లీ విల్లయింది. అప్పుడర్థమైంది. లెన్స్ పైకి ఎత్తిన వంపు, దూలంలో నిజంగా ఉన్న వంపుని కప్పేసింది.

వెంటనే గుణశేఖర్‌కి ఫోన్ చేసింది. "బాబాయ్, మీ షట్టర్ సరిగ్గా దిగతందా?"

"లేదమ్మా, మేడ మీద ట్యాంకు కట్టించినకాడ్నుంచీ పట్టేత్తంది. ఏటి?"

"అందర్నీ బయటికి పంపించీండి, మీరూ వచ్చీండి. దూలం వంగిపోతంది."

ఆయన నవ్వబోయాడు. అంతలో ఫోన్‌లో షట్టర్ కిర్రుమంది. ఆ చప్పుడు సాగుతూనే ఉంది.

"షట్టర్ ఎవరు లాగతన్నారు బాబాయ్?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడాయన, చాలా మెల్లిగా.