ఉడకని పప్పు, నా ఎమ్మెస్సీ ఫిజిక్స్

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆరునెలల కంప్యూటర్ కోర్సుతో సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాణ్ణి నేను. దూకాను గానీ పాఠాలు చెప్పే జబ్బు మాత్రం వదల్లేదు. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండలు పేల్చి పునాదులు తవ్వుతున్న రోజుల్లో, ఆ జబ్బుకు దొరికిన రోగి నా భార్య.

ఆమెది కాకినాడ. పుట్టింట్లో ఆమె పప్పుకు పేరు. వాళ్లమ్మ కొత్త కుక్కర్ పంపుతానంటే, "నా దగ్గర ఉందండీ, అనవసరంగా మోయడం దేనికి" అని వద్దన్నది నేనే. నా కుక్కర్ బ్రహ్మచారి గదిలో నాలుగేళ్లు సేవ చేసింది. అందులో నేను వండింది అన్నం ఒక్కటే. అన్నం ఎందులోనైనా ఉడుకుతుందని నాకు అప్పుడు తట్టలేదు.

కాపురం పెట్టిన మొదటిరోజే కందిపప్పు పలుకులుగా మిగిలింది. ఇరవై నిమిషాలు పొయ్యి మీదుంచినా విజిల్ రాలేదు. రెండో రోజూ అంతే. "ఏమీ అనుకోకండి, ఉడకలేదు" అంది తలొంచుకుని. నాకు జాలి కలగాలి. హుషారు కలిగింది.

"నీ తప్పేం లేదు, హైదరాబాదుది. సముద్రానికి అయిదువందల మీటర్ల పైన ఉన్నాం. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి, నీటిని తక్కువగా నొక్కుతుంది. అందుకని కాకినాడలో వంద డిగ్రీలకు మరిగే నీళ్లు ఇక్కడ తొంభై ఎనిమిదికే మరుగుతాయి. ఒకసారి మరిగాక ఎంత మంట పెట్టినా వేడి పెరగదు. బదరీనాథ్‌లో అయితే తొంభైకే మరుగుతాయి, అక్కడ పప్పు సంగతి ఊహించుకో."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా ఖర్మ.

ఆమె కాసేపాలోచించి, "మరి ఇది కుక్కర్ కదండీ?" అంది.

"కుక్కరైనా కొండ కొండే" అన్నాను.

"కింద ఇంటావిడ పప్పు మెత్తగానే ఉంటోందండీ."

"వాళ్లది ఇక్కడి పప్పు" అన్నాను. పరీక్షలో ఈ జవాబు రాస్తే నేనే సున్నా వేసేవాణ్ణి.

ఆరువారాలు గడిచాయి. పప్పు మానేసి వేపుళ్లలో పడ్డాం. ఇంతలో ఆమె అన్నయ్య ఆదివారం భోజనానికి వస్తున్నానని కబురు పెట్టాడు. ఆయన చూసి వెళ్లి ఏం చెబితే కాకినాడలో అదే అనుకుంటారు. "పప్పు ఉడకబెట్టడం కూడా మర్చిపోయానంటాడండీ" అంటూ ఆమె తెల్లారకముందే పప్పు నానబెట్టింది.

పదకొండయింది. కుక్కర్ బుసకొడుతోంది, విజిల్ లేదు. అప్పుడే ఇంటావిడ గిన్నెలో పెరుగు పట్టుకుని పైకొచ్చింది. నా భార్య ముఖం చూసి, పొయ్యి వైపు చూసింది.

"ఏంది బిడ్డా, ఆవిరంతా పక్కలకెల్లి పోతున్నది?"

నేను కొండల సంగతి ఎత్తుకున్నాను. ఆవిడ ఓపిగ్గా విని, "మేం గూడ గీ గుట్ట మీదనే ఉన్నం గద సారూ" అని స్టవ్ ఆపించింది. ఆవిరంతా పోయాక మూత తీయించి, అంచు చుట్టూ వేలు తిప్పింది. లోపలి రబ్బరు రింగు అప్పడంలా బిగుసుకుపోయి రెండుచోట్ల చీలి ఉంది.

"ఇగ విజిల్ ఎట్లొస్తది? జర దుకాణం దాకా ఉరుకుండ్రి, కొత్తది తెండ్రి."

ఉరికాను. దారంతా సిగ్గేసింది. కుక్కర్ చేసే పనే ఆవిరిని బయటికి పోనివ్వక లోపల ఒత్తిడిని పెంచడం. ఒత్తిడి పెరిగితే నీళ్లు నూట ఇరవై దాకా వేడెక్కితే గానీ మరగవు. ఆ వేడికే పప్పు త్వరగా ఉడుకుతుంది. బదరీనాథ్‌లో కూడా పప్పు ఉడికించే ఉపాయం అదే. రింగు చీలిన నా కుక్కర్ మాత్రం మూతపెట్టిన మామూలు గిన్నె, దానిది ఎప్పుడూ తొంభై ఎనిమిదే. జబ్బుకు మందు చేతిలో పెట్టుకుని, ఆ మందుకే జబ్బు అంటగట్టాను.

కొత్త రింగు వేశాక అయిదారు నిమిషాలకు విజిల్ కూసింది. మూడు కూతలయ్యాక కాసేపాగి మూత తీస్తే, గరిటె తగలగానే పప్పు మెదిగింది. ఆమె ఆ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అన్నయ్య రెండోసారి పప్పు వడ్డించుకుని, "నీ చేతి పప్పేనమ్మా" అన్నాడు. ఇప్పుడు నా కొండల కథ బయటపడుతుందని కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. "ఈయనే కొత్త రబ్బరు తెచ్చి వేశారు అన్నయ్యా, లేకపోతే ఉడికేది కాదు" అందామె.

ఆరువారాల్లో ఆమె ఎన్నిసార్లు "ఏమీ అనుకోకండి" అందో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ "పర్లేదులే" అన్నాను.