ఒంటిగంట ఎండ

సినిమాను పోటీకి పంపడానికి శుక్రవారం ఆఖరు. సోమవారం మధ్యాహ్నానికి కూడా ఆ అమ్మాయి సూర్యుణ్ణి జరుపుతూనే ఉంది.

నాచారంలో కింద లేత్ మిషన్లు తిరిగే షెడ్డు, దాని మీద వాళ్ల గది. నేను వెళ్లి కూర్చుంటే కుర్చీ కూడా సన్నగా అదిరేది. ఆ అమ్మాయే దర్శకురాలు, మా చిల్కానగర్ గల్లీలో పెరిగిన పిల్లే. వాళ్లది రైల్వే ఉద్యోగం మీద ఏలూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా అమ్మ గురించి ఎప్పుడో ఆదివారం అనుబంధంలో నేను రాసిన అర పేజీ చదివి, దాన్ని బొమ్మల సినిమా చేస్తానని వచ్చింది.

ఆ అర పేజీలో పెద్ద కథేం లేదు. మా నాన్న నాచారంలో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒంటిగంట భోజనానికి అమ్మ క్యారియర్ పట్టుకుని చిల్కానగర్ నుంచి నడిచి వెళ్లేది. మే నెలలో ఆమె నడక మారిపోయేది. ఒక రేకు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు ఉరికేది, ఆగేది, కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ ఉరికేది. సెలవుల్లో వెంట వెళ్లేవాణ్ణి కాబట్టి తెలుసు. సినిమా అంతా ఆ నడకే.

మనుషుల్ని గీసేది ఒక ఆర్టిస్టు. టీవీ కార్టూన్లకు బొమ్మలు గీసి గీసి చేయి తిరిగినవాడు, ఉప్పల్‌లోనే పుట్టి పెరిగినవాడు. అమ్మ బొమ్మలన్నీ ఆయన చేత్తో గీసినవే. వీధిని మాత్రం వీడియో గేములు తయారుచేసే గేమ్ ఇంజిన్‌లో కట్టారు. గోడలు, రేకులు, కరెంటు స్తంభాలు అన్నీ నిజంగా నిలబడ్డట్టే ఉంటాయి. ఆ వీధి మధ్యలో ఒక కనపడని అట్టముక్కను నిలబెట్టి, దాని మీద ఆయన గీసిన బొమ్మల్ని వరసగా మారుస్తారు. అమ్మ నడుస్తుంది.

వెనకటి పద్ధతిలో అయితే ఎండ మార్చాలంటే మార్చి, ఒక్కో ఫ్రేము కంప్యూటర్‌లో తయారయ్యేదాకా కాచుక్కూర్చోవాలట. ఇందులో మౌస్ జరిపితే చాలు, కళ్ల ముందే పొద్దు వాలుతుంది, నీడలు పాకుతాయి. పనంతా సుళువయిందని ఆ అమ్మాయి మొదట్లో సంబరపడింది. కానీ నాకు కనిపించింది వేరు. నేను పనిచేసిన పత్రిక డెస్కులో పేజీ అచ్చుకు వదిలేశాక ఇక ఎవరేం చెప్పినా చేయగలిగింది లేదు. హాయిగా టీ తాగడమే. ఇక్కడ వదిలేయడమనేదే లేదు. ఏ క్షణమైనా మార్చవచ్చు కాబట్టి ఆ పిల్ల చెయ్యి మౌస్ మీద నుంచి లేవదు.

ఆ సోమవారం ఆమె సూర్యుణ్ణి సాయంత్రానికి దించింది.

అబద్ధమెందుకు, అందంగా ఉంది. వీధంతా బంగారు రంగు, గోడల నీడలు రోడ్డుకు అడ్డంగా పొడుగ్గా పడ్డాయి.

"అంకుల్, బాగుంది కదా? చెప్పండి, బాగుందా లేదా?"

"బాగుందమ్మా."

"మరి రెండో షిఫ్టుకి క్యారియర్ తీసుకెళ్తోంది అనుకుందాం. ఒక్క మాట మార్చడమే. మీరు రాసిందే కదా, మీరు మారిస్తే తప్పేంటి?"

నేను జవాబు చెప్పేలోపే ఆర్టిస్టు టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చాడు. తెరను చూశాడు. గ్లాసులు కింద పెట్టాడు.

"ఏంది ఇది? పొద్దుగూకబెట్టినవా?"

"ఒకసారి చూడన్నా, ఒక్కసారి."

"సూస్తున్న. ఆమె కాళ్లకింద సూడు."

మిట్టమధ్యాహ్నం నీడ కాబట్టి ఆయన అమ్మ పాదాల కింద చిన్న నల్లటి మచ్చ గీశాడు. స్తంభాల నీడలు బారెడు పొడుగుంటే అమ్మ నీడ పిడికెడు. ఆ అమ్మాయి గబగబా ఏదో నొక్కింది. అట్టముక్క నీడ కూడా నేల మీద పడేట్టు చేసింది. ఎండ పక్క నుంచి వస్తోంది, అట్ట పలచన. గీత లాంటి నీడ పడింది.

"అబ్బో, అగ్గిపుల్ల నడుస్తున్నది," అన్నాడాయన.

"ఆగన్నా! నీడ కోసం ఎండకు ఎదురుగా ఇంకో అట్ట పెడతా. అది కెమెరాకు కనపడదు, నీడ మాత్రం పడుతుంది."

పెట్టింది. నిమిషాల్లో నిండు మనిషి నీడ రోడ్డు మీద సాగింది. మచ్చను కూడా తీసేసింది. గెలిచినట్టు ఆయన వైపు చూసింది.

"మంచిగనే ఉన్నది. గిప్పుడు నడిపియ్యి."

నడిపింది. అమ్మ ఎండలో వెలుగుతూ ఉరికింది. ఉన్నట్టుండి వెలుగులోనే నల్లబడింది, ఆగింది, మొహం తుడుచుకుంది. మళ్లీ వెలిగి, గోడ నీడలోకి వెలుగుతూనే పరుగెత్తింది. ఆమె రంగులు ఇంజిన్‌లోని ఎండను బట్టి మారవు. రేకు కింద ఆగే బొమ్మల్ని ఆయన ముదురు రంగుల్లో వేశాడు, బయటి బొమ్మల్ని లేత రంగుల్లో. అవి గీసిన చోట గీసినట్టే ఉన్నాయి. రేకు నీడ మాత్రం జరిగి ఎటో పోయింది.

"రంగులు మార్చుకోవచ్చు కదన్నా, గురువారం దాకా కూర్చుంటే..."

"రంగుల సంగతి ఇడిసిపెట్టు. కూసుంట, చేస్త." ఆయన గొంతు తగ్గించాడు. "గిప్పుడు ఆమె ఎందుకు ఉరుకుతున్నదో చెప్పు జర."

ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి నడిపింది. వీధి చల్లగా ఉంది. సగం దారి నీడే. ఆ చల్లటి వీధిలో ఒక ఆడమనిషి కారణం లేకుండా పరుగెత్తుతోంది, ఆగుతోంది, పరుగెత్తుతోంది. చూడ్డానికి మతిస్థిమితం లేనట్టుంది. నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. కూర్చోబుద్ధి కాలేదు.

"నాకు సాయంత్రమంటే ఇష్టం అంకుల్," అంది వెనక నుంచి. "ఈ సినిమా మొదలుపెట్టిందే ఆ వెలుతురు కోసం."

తర్వాత తనే సూర్యుణ్ణి పైకి లాగింది. బంగారమంతా పోయి వీధి తెల్లగా, వట్టిగా, కళ్లు చికిలించేట్టుగా మిగిలింది. కనపడని అట్ట తీసేసింది. పాదాల కింద మచ్చ తిరిగి పెట్టింది.

ఇంకో తంటా మిగిలింది. ఇన్నాళ్లూ సూర్యుడితో పాటు వాటినీ జరుపుతూ వచ్చింది కాబట్టి రేకులూ చెట్లూ ఉన్నచోట లేవు. ఆర్టిస్టు తన బొమ్మల్ని ఒక్కొక్కటిగా కదిపాడు. అమ్మ ముదురు రంగుకు మారిన చోటల్లా ఆగి, "ఈడ" అన్నాడు. ఆ అమ్మాయి ఒక రేకుల కొట్టును తెచ్చి అమ్మ నెత్తిన నీడ పడేట్టు నిలిపింది. "ఈడ." ఒక వేపచెట్టు. "ఈడ గోడ జరుపు, ఆటో పెట్టు." నిజంగా అక్కడ ఏముండేదో నన్నెవరూ అడగలేదు. అడిగినా నాకు గుర్తులేదు. మా అమ్మ ఆగిన చోటల్లా వీధి మొలుచుకొస్తోంది.

చివరికి ఫ్యాక్టరీ గేటుకు ముందున్న ప్రహరీ వచ్చింది. అది నాకు బాగా గుర్తు. పొడుగాటి గోడ, ఆ వేళప్పుడు దానికి జానెడు నీడ కూడా ఉండదు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"ఇక్కడ ఒక చెట్టు పెట్టనా అంకుల్? చిన్నది. పాపం, చాలా దూరం కదా."

పెట్టమనే అనబోయాను. ఒక్క మౌస్ జరుపుడు. ఆ ఎండలో అమ్మకు నేనెప్పుడూ ఏమీ ఇవ్వలేదు.

"బొమ్మ చూపించు ముందు," అన్నాను.

నడిపింది. గోడ పొడుగునా అమ్మ ఆగలేదు. సగం దూరంలో క్యారియర్‌ను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. కాలిన చేతిని చీరకు రుద్దుకుంది. ఇది నేను రాసింది కాదు. ఆర్టిస్టు తనంతట తాను గీసింది.

"మా అమ్మ గూడ గట్లనే చేస్తుండె సార్," అన్నాడు నన్ను చూడకుండా. "బీడీల గంప మోసుకపోయేటప్పుడు."

"చెట్టొద్దమ్మా," అన్నాను.

ఆమె సూర్యుణ్ణి ఎవరూ కదపకుండా లాక్ చేసింది. చెయ్యి మాత్రం మౌస్ మీదే ఉంది.

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు ఆర్టిస్టు. "చాయ్ సల్లారింది."