ఉచ్చీరప్ప మిద్దెకు పెట్టిన పరీక్ష

ఆదోనిలో మా అపార్ట్‌మెంటు మిద్దె మీద తోట కోసమని సెక్రటరీ గోవిందయ్య తన చేని నల్లరేగడి మట్టిని ట్రాక్టరు నిండా తెచ్చాడు. మేస్త్రి ఉచ్చీరప్ప అడ్డం నిలబడ్డాడు.

"పత్తి పండే మన్ను గదప్పా ఇది! పూలచెట్లు రావా?" అన్నాడు గోవిందయ్య.

"వస్తాయి సామీ. తడిస్తే ఈ మన్ను నీళ్లు వదలదు. ఆ బరువు మోసేది స్లాబు, నువ్వు కాదు."

తడిపిన రేగడి ఒక డబ్బా, తడిపిన కొబ్బరిపొట్టూ ఎరువూ కలిపింది ఒక డబ్బా, గోవిందయ్య రెండు చేతులకూ ఇచ్చాడు ఉచ్చీరప్ప. రేగడి చేయి కిందికి జారింది. ట్రాక్టరు వెనక్కి పోయింది. చదువుకున్నాయనకు డబ్బాలు మోస్తే గానీ తెలియలేదు.

ఆఖరి అంతస్తు నాది. మిద్దె కారితే నా మంచం మీదే. ఎమ్మిగనూరులో ఒకసారి తాను కట్టిన మిద్దె కారి, మగ్గం మీది చీర పాడైందని ఉచ్చీరప్ప తానే చెప్పుకుంటాడు. అందుకే నీరు దిగని పూత రెండుసార్లు వేసి, ఆరనిచ్చి, నీళ్లు పోయే గొట్టాలు మూసి, మిద్దెంతా మూడు వేళ్ల లోతు నీళ్లు నిలిపాడు.

తరువాత సుద్దముక్క కట్టిన పొడుగాటి కట్టె నా చేతికిచ్చాడు.

"అవ్వా, రెండు దినాలు పొద్దునా సాయంత్రం పైకప్పు సూడు. సెమ్మ కనపడితే సుట్టూ గీత గీయి. నా మొగం సూసి దాయొద్దు."