కొమరయ్య అరబ్బీలో రాసిన జ్వరపు షెడ్డు

కొమరయ్య పొద్దున్నే స్నానం చేసి, రాజన్న పటం ముందు అగరుబత్తి వెలిగించి, దండం పెట్టుకున్నాక ఒక చిన్న పని చేసేవాడు. పాత క్యాలెండర్ వెనక ఆ రోజు తేదీని రెండుసార్లు రాసేవాడు. తెలుగులో ఎడమ నుంచి, అరబ్బీలో కుడి నుంచి. కువైట్‌లో ఇరవై రెండేళ్లు ఒక ప్రభుత్వాఫీసు ఎదురుగా ఉన్న టైపింగ్ కొట్టులో పనిచేసినప్పటి అలవాటది. అక్కడ ఏ అర్జీ అయినా ముందు తేదీ పడాలి, ఆ తర్వాతే మనిషి కష్టం.

జగిత్యాల దగ్గరి ఊళ్ళో పదో తరగతి చదివిన మనిషి. కొట్టు యజమాని అయిన ముసలి ఈజిప్టు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అక్షరం అక్షరం అరబ్బీ నేర్చుకున్నాడు. తర్వాత భార్య సరోజనకు నర్సుగా కెనడాలో ఉద్యోగం దొరికితే ఇద్దరూ స్కార్‌బరో వచ్చారు. ఇక్కడ ఒక గోడౌన్‌లో పెట్టెలకు లేబుళ్లు అంటించే పని ఆయనది. అరబ్బీ అడిగినవాడు లేడు. రెండు వేల ఇరవై మూడు నాటికి ఆ అపార్ట్‌మెంట్లన్నీ కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతున్నాయి. వీళ్ల రెండో బెడ్రూంలో కూడా వరంగల్ అమ్మాయి వర్ష అద్దెకుండేది. గ్రాఫిక్ డిజైన్ చదివేది. సరోజన రోజూ ఆ పిల్ల డబ్బాలో ఒక చపాతీ ఎక్కువే పెట్టేది. ఎందుకని వర్ష అడగలేదు, ఆమె చెప్పలేదు.

జూన్‌లో ఒక బుధవారం, లిఫ్టులో పదకొండో అంతస్తు నజీహా కలిసింది. బస్రాలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన టీచరు, కూతురింటికి విజిటర్‌గా వచ్చింది. కొమరయ్య అరబ్బీలో సలాం చెప్పేసరికి ఆమె తలుపు మూసుకోకుండా చేయి అడ్డం పెట్టి ఫోన్ తీసింది.

"ఉస్తాద్, ఇవి చూడు. సరస్సు ఒడ్డున మ్యూజియం. పద్నాలుగు బోర్డులు ఫొటో తీశాను. శనివారం మా అరబ్బీ తల్లులు ఇరవై మందిని అక్కడికి తీసుకెళ్లాలి. వాళ్లకు ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. ఫోన్ చేసిన అనువాదం చదివితే అది మ్యూజియమో, మందుల కొట్టో తెలియడం లేదు."

"చేస్తాను, హజ్జియా" అని, పెద్దావిడలను అరబ్బీలో గౌరవంగా పిలిచే పిలుపుతో అనేశాడు కొమరయ్య, ఏం చేయాలో పూర్తిగా వినకుండానే.

మ్యూజియం వాళ్ల మాట ఇంకొకటుంది. బోర్డుల అరబ్బీ అనువాదం కాగితాలు వచ్చినవాళ్లకు పనికొస్తే ద్వారం దగ్గరి పెట్టెలో ఇంగ్లీషు, ఫ్రెంచి కాగితాల పక్కన ఎప్పటికీ ఉంచుతారు. పనికిరాకపోతే అరబ్బీ మాట మళ్లీ ఎత్తరు. ఈ సంగతి చెప్పింది అక్కడ వాలంటీరుగా ఉండే రిటైర్డ్ డాక్టరు రంగనాథ్ గారు. కొమరయ్య మ్యూజియానికి ఫోన్ చేస్తే తెలుగు గొంతు విని ఆయనే ఎక్కువ మురిసిపోయారు.

మూడు రోజులు కొమరయ్య నేల మీద నడవలేదు. బోర్డులన్నీ ఒక్క గొంతుతో మాట్లాడవని మొదటి గంటలోనే తెలిసింది. తొంభై ఏళ్ల కిందటి ఇత్తడి ఫలకం గుళ్లో శాసనంలా మాట్లాడుతోంది, దానికి బరువైన అరబ్బీ పెట్టాడు. పిల్లల కోసం రాసిన బోర్డుకు చిన్న చిన్న మాటలు వాడాడు. ఓడలో జ్వరంతో వచ్చినవాళ్లను ఉంచిన షెడ్డు గురించి "ఇక్కడే పడుకోబెట్టారని నమ్మకం" అని ఇంగ్లీషులో ఉంటే, ఫోను "ఇక్కడే పడుకోబెట్టారు" అని తేల్చేసింది. ఆ అనుమానాన్ని కొమరయ్య జాగ్రత్తగా వెనక్కి తెచ్చాడు. "సుమారు 1840" అన్నచోట సుమారుని వదల్లేదు. ఇరాకీలు, సిరియావాళ్లు జూన్‌ను ఒకలా అంటారు, ఈజిప్టువాళ్లు ఇంకోలా. పేపర్లలో వేసినట్టు రెండు పేర్లూ పక్కపక్కన రాశాడు. అరబ్బీ అంకెలు మొరాకో తల్లులకు అలవాటుండవని అంకెలు ఇంగ్లీషువే ఉంచాడు. ఒక ఫొటోలో ఫ్లాష్ వెలుగు పడి సంవత్సరంలో ఒక అంకె కనబడలేదు. ఊహించి రాయలేదు. రంగనాథ్ గారు పక్కకు నిలబడి మళ్లీ ఫొటో తీసి పంపారు.

శుక్రవారం వర్ష ఆ కాగితాలను అందంగా పేజీలు చేసి, కాలేజీ ల్యాబులో ముప్పై కాపీలు ప్రింటు తీసింది. శనివారం కొమరయ్య, వర్ష, నజీహా ముగ్గురూ రంగనాథ్ గారి కారులో తొమ్మిదింటికే మ్యూజియం చేరారు. తల్లుల బస్సు పదింటికి.

నజీహా అద్దాలు పెట్టుకుని చదవసాగింది. ఇత్తడి ఫలకం దగ్గర తల ఊపింది. షెడ్డు దగ్గర కళ్లు తుడుచుకుంది. ఆ షెడ్డులో వైద్యం చేసిన డాక్టరు బోర్డు దగ్గర ఆగి, నవ్వింది.

"ఉస్తాద్, ఈ డాక్టరు చచ్చిపోయిన నలభై ఏళ్లకు పుట్టాడేమిటి?"

కొమరయ్య కాగితం లాక్కున్నాడు. ఆమె కుడి నుంచి చదువుతోంది. ముందు 1852, తర్వాత 1811. ఇంకా మూడు చోట్ల అంతే, షెడ్డు మూసిన ఏడు ముందు, తెరిచిన ఏడు వెనక.

"నేనే అంకుల్" అంది వర్ష నెమ్మదిగా. "స్క్రీన్ మీద ఎడమ పక్కన పెద్ద నంబర్ ముందు కనిపించింది. మీరు టైపింగ్‌ల తప్పు చేసిన్రనుకున్నా. మీకు చెప్తే చిన్నబోతారని, నేనే మార్చిన."

ఎడమ నుంచి చదివే పిల్ల, కుడి నుంచి సరిగానే ఉన్న అంకెలను సరిచేసింది. కొమరయ్య కాగితాన్ని ఆ పిల్ల ముందు పరిచాడు.

"నీ తప్పు కాదు బిడ్డా. ఇంగ్లీషు బోర్డు మీద గీత ఉన్నదని నేనూ రెండు సంవత్సరాల నడుమ గీతనే పెట్టిన. మా కొట్టుల ముసలాయన ఒక్కనాడు గీత పెట్టనియ్యలే. గీతకు ఇటు అటు తెల్వదనేటోడు. తేదీని మాటలతోని నిలబెట్టాలె గానీ గీతతోని కాదు."

"మరి ఇప్పుడేం చేద్దాం? బస్సు వచ్చేస్తుంది" అన్నారు రంగనాథ్ గారు. "ఆఫీసులో చిన్న ప్రింటరుంది. నత్త దానికన్నా నయం."

వర్ష అప్పటికే బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసింది. కొమరయ్య పక్కన కూర్చుని ఒక్కొక్క గీత తీసేయించి, "1811లో పుట్టి 1852లో పోయాడు", "ఈ ఏడు నుంచి ఆ ఏడు దాకా" అని అరబ్బీ మాటల్లో రాయించాడు. ఇక ఎటు నుంచి చూసినా మనిషి ముందు పుడతాడు. మారిన పేజీలు రెండే. రెండు ముప్పైలు అరవై కాగితాలు. ప్రింటరు ఒక్కొక్కటి కక్కుతుంటే రంగనాథ్ గారు స్టేప్లర్ పట్టుకుని పక్కనే నిలబడ్డారు, ఆపరేషన్ గదిలో నిలబడ్డట్టు.

బస్సు వచ్చింది. నజీహా కంగారు పడలేదు. తల్లులను తిన్నగా వంటపాత్రల గదిలోకి నడిపించి, అక్కడి రొట్టె పొయ్యి గురించి, బస్రా పొయ్యి గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. టీచరమ్మ కదా, గంట కొట్టేదాకా పాఠం లాగడం ఆమెకు వచ్చు.

కాపీలు చేతికందేసరికి వాళ్లు జ్వరపు షెడ్డు ముందుకొచ్చారు. ఒక సూడాన్ తల్లి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఇక్కడే పడుకోబెట్టారని నమ్మకం" దగ్గర ఆమె గొంతు తగ్గింది. తలుపు పక్కన నిలబడ్డ కొమరయ్య రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. ఇన్నేళ్లూ ఆయన అరబ్బీ అర్జీలు రాసింది, ఫైన్లకు క్షమాపణలు రాసింది. ఆయన రాసినదాన్ని ఎవరో వెనకటి మనుషుల కోసం ఎవరో ఆగి చదవడం ఇదే మొదలు.

మ్యూజియం మేనేజరు ఒక కాపీ తీసి ద్వారం దగ్గరి పెట్టెలో ఫ్రెంచి పక్కన పెట్టింది. వెళ్తూ వెళ్తూ రంగనాథ్ గారితో ఏదో అంది.

"పైఅంతస్తులో పద్దెనిమిది బోర్డులున్నాయట కొమరయ్య గారూ. ఎప్పటికిస్తారని అడుగుతోంది."

కొమరయ్య వర్ష వైపు తిరిగాడు. ఆ పిల్ల తప్పు ప్రింట్లను మడిచి బ్యాగులో దాచుకుంటోంది.

"బిడ్డా, నాకొక సాయం చెయ్యాలె."

"చెప్పండి అంకుల్."

"అవి కూడా నువ్వే చెయ్యి. నా పక్కన కూసోని చెయ్యి. నీకు ఏది తప్పనిపిస్తే అది నన్ను అడుగు. నేను చిన్నబోతనని ఆగకు. ఏదీ మార్చకముందే అడుగు."