బ్యాకప్ పక్కనే డిలీట్

పుంగనూరులో రామమూర్తి సార్ అంటే తెలియనోళ్ళు ఉండొచ్చు గానీ, ఆవుల రామ్మూర్తి అంటే చిన్నపిల్లోడు కూడా ఇల్లు చూపిస్తాడు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనాడు. ఆ తర్వాత రైతుల సంఘంలో ఆవుల వంశం రాసే పని పట్టుకున్నాడు. ఏ ఆవుకి తల్లి ఏది, ఏ కోడెకి పుట్టింది, ఇది ఎన్నో ఈత, అంతా ఆయన చేతిరాతే. ఆ రాత లేకపోతే అసలు పొట్టి జాతి దూడ ఏదో, కలగలుపుది ఏదో చెప్పేవాడు లేడు.

2002లో ఆ రాతకి కంప్యూటర్ ప్రోగ్రామ్ చేసిచ్చింది నేను. మదనపల్లె బస్టాండు ఎదురుగా కంప్యూటర్ సెంటర్ నాది. పేరు కిరణ్. నాకు తెలివి తక్కువేం కాదు, పొగరే ఎక్కువ. పాత రిజిస్టర్లకి చెదలు పట్టినాయి, అంతా ఎక్కించేశాం కదా, ఇంకా ఇవెందుకని తూకానికి అమ్మేయించింది కూడా నేనే.

వారం తిరక్కుండా ఆయన బస్సెక్కి వచ్చినాడు. చేతిలో క్యాలెండర్ కాగితం, వెనకవైపు నా సెట్టింగ్స్ స్క్రీన్ అచ్చం దించినట్టు గీసి ఉండాది.

"కిరణప్పా, తప్పు పడుతాండానని అనుకోవద్దు. ప్రింటరు, తేదీ, అక్షరాల సైజు, బ్యాకప్, అన్నీ ఒకే పేజీలో కలగాపులగంగా పోసినావు. ఏది దేనికి సంబంధించిందో గీత గీసి విడగొట్టకూడదా?"

"సరే సార్, ఇంకా?"

"బ్యాకప్ బటన్, డిలీట్ ఆల్ బటన్ ఆనుకొని ఉండాయి. రెండూ ఒకే సైజు, ఒకే రంగు. ఆస్పత్రిలో విషం సీసాని దగ్గు మందు పక్కన పెడతామా? దానికి వేరే బీరువా, తాళం."

"తుడిచే ముందు 'ఖాయమా' అని అడుగుతాది కదా సార్!"

"నీ ప్రోగ్రామ్ సేవ్ చేసినా, ప్రింట్ తీసినా అదే అడుగుతాండాది. చెయ్యి దానంతటదే ఎస్ మీదికి పోతాది నాయనా."

నాకు చిర్రెత్తింది. నిజానికి ఆ డిలీట్ ఆల్ నా కోసం పెట్టుకున్నది, పరీక్షకని ఎక్కించిన ఉత్తుత్తి ఆవుల్ని తుడిచేదానికి. ఆయనకిచ్చే ముందే తీసేయాల్సింది. మరిచిపోయినానని ఒప్పుకునేదానికి నోరు రాలేదు.

"ఇంకొకటి. 'ఆటో బ్యాకప్ డిజేబుల్' అని రాసి, పక్కన టిక్ పెట్టే గడి ఇచ్చినావు. టిక్ పెడితే పనిచేస్తాదా, ఆగిపోతాదా?"

"టిక్ పెట్టండి సార్, అంతే," అన్నాను, తలెత్తకుండానే. టిక్ పెడితే ఆగిపోతాది. రాసినోడ్ని, నాకే తిరకాసైంది.

మూడేళ్ళు ఆ టిక్ అట్లే ఉండింది. రోజూ కాపీ పడుతాండాదని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. 2005లో సంఘానికి కొత్త కంప్యూటర్ వస్తాందంటే, దేనికైనా మంచిదని చేత్తో ఒక బ్యాకప్ తీయబోయినాడు. అంతకు నెల ముందే కంటి ఆపరేషన్ అయింది. మౌసు పక్క బటన్ మీద పడింది. ఖాయమా అని అడిగింది. ఎస్ కొట్టినాడు.

నేను పోయి రెండు రోజులు కుస్తీ పట్టినా ఏమీ రాలేదు. ఆటో బ్యాకప్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. గడిలో నేను పెట్టమన్న టిక్ అట్లే ఉండాది. సంఘం ప్రెసిడెంటు వెంకటేశులు నా వెనకాలే నిలబడి, "ఎవరి తప్పప్పా ఇది?" అని అడిగినాడు.

"ఆపరేటర్ తప్పు సార్," అన్నాను.

రామమూర్తి సార్ అక్కడే ఉండాడు. క్యాలెండర్ కాగితం సంగతి ఎత్తలేదు. అరిచింటే బాగుండు, నా చెంప పగలగొట్టింటే ఇంకా బాగుండు.

మర్నాటి నుంచి నోటుబుక్కు పట్టుకొని ఊళ్ళెంబడి పడినాడు. దూడల్ని అమ్ముకున్న చోటుకల్లా, కుప్పం దాటి గుడుపల్లె దాకా పోయినాడు. "మీ ఆవు తల్లి ఏదమ్మా?" అని గడపగడపా అడిగినాడు. సగం మందికి గుర్తే లేదు. రెండేళ్ళు తిరిగితే మూడో వంతు కూడా దొరకలేదు. మిగతా ఆవులకి తల్లిదండ్రుల గడి ఖాళీ, ఇంక ఎప్పటికీ ఖాళీనే.

నేను ఆ స్క్రీన్ మళ్ళీ చేశాను. గుంపులు విడగొట్టినాను. గడి పక్కన 'ఆటో బ్యాకప్' అని మాత్రమే రాసి, ఆన్‌లో ఉండాదో ఆఫ్‌లో ఉండాదో కిందే కనిపించేట్టు చేసినాను. డిలీట్‌ని వేరే పేజీలోకి తోసి, సంఘం పేరు మొత్తం టైపు చేస్తే గానీ కదలనీయకుండా పెట్టినాను. ఒక్క పూట పని. ఆ పొద్దే చేసింటే!

తప్పు నాదేనని చెప్పేయాలనే పుంగనూరు పోయినాను, ఒట్టు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, ఒక్కో పేజీ నిదానంగా చూసినాడు.

"ఇప్పుడు బాగుండాదప్పా," అన్నాడు. "నా మాదిరి మొద్దోళ్ళు కూర్చునే చోట ఇట్లే ఉండాల. నా వల్ల నీకు మళ్ళీ పని పడింది, ఏమనుకోవద్దు."

నేను "పర్వాలేదు సార్" అన్నాను.